పదకొండు గంటల మీటింగు, పదింటికి రద్దు

చివరి నిమిషంలో మీటింగు రద్దయితే అవతలి మనిషి నష్టపోయేది డైరీలో రాసుకున్న ఆ ఒక్క గంటే అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ గంట కోసం ఆయన అప్పటికే చాలా సమయం ఖర్చుపెట్టి ఉంటారు. కాగితాలు సిద్ధం చేసుకోవడం, ప్రయాణం, ఆ పూట రావలసిన ఇంకో పనిని వద్దనుకోవడం, ఇవన్నీ మీటింగు మొదలుకాకముందే జరిగిపోతాయి. కాబట్టి ‘ఇంకా గంట టైముంది కదా’ అన్న లెక్క రద్దు చేసేవారి గడియారంలోనే సరిపోతుంది. అవతలివారి గడియారంలో ఆ గంట ఎప్పుడో మొదలైపోయి ఉంటుంది.

హైదరాబాద్‌లో రోజూ జరిగే ఒక మామూలు సందర్భాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. హైటెక్ సిటీలో ఒక కంపెనీ. అందులో కొనుగోళ్లు చూసే ఉద్యోగి, అట్టపెట్టెల శాంపిళ్లు చూపించమని ఉప్పల్‌లో ఉండే ఒక ప్రింటింగ్ ప్రెస్సు యజమానిని ఉదయం 11 గంటలకు రమ్మన్నాడు. 11కి కుర్చీలో కూర్చోవాలంటే ఆ యజమాని 10:45కల్లా గేటు దగ్గర ఉండాలి, ఎందుకంటే విజిటర్ పాసు రాయించుకుని, బ్యాగు తనిఖీ చేయించుకుని లోపలికి వెళ్లేసరికి పావుగంట పడుతుంది. మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసుకు పది నిమిషాల నడక. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి రైల్లో దాదాపు 50 నిమిషాలు. ఇంటి నుంచి స్టేషనుకు వచ్చి, టికెట్ తీసుకుని ప్లాట్‌ఫారం ఎక్కడానికి మరో పావుగంట. అన్నీ వెనక్కి లెక్కపెడితే ఆయన ఇంట్లోంచి కాలు బయటపెట్టేది 9:30కి. అంటే 11 గంటల మీటింగు రద్దయిందని చెప్పడానికి అసలు గడువు 9:30.

ఇప్పుడు ఉద్యోగికి 9:10కి ఒక కబురు వచ్చిందనుకుందాం. పైఅధికారి అదే 11 గంటలకు రివ్యూ పెట్టారు. చాలా ఆఫీసుల్లో తప్పు జరిగేది ఈ క్షణం నుంచే. రివ్యూ జరుగుతుందో లేదో, తనను పిలుస్తారో లేదో చూద్దామని ఉద్యోగి ఆగుతాడు. ఈలోపు 9:30 దాటిపోతుంది. 10:20కి విషయం ఖాయమై ఆయన ఫోన్ చేసేసరికి, రెండు చేతుల్లో శాంపిళ్ల సంచులతో ప్రెస్సు యజమాని అమీర్‌పేట కూడా దాటేసి ఉంటాడు. ఇందులో నిర్లక్ష్యం కంటే ఎక్కువగా పనిచేసేది ఆశ. దానికి మొహమాటం కూడా తోడవుతుంది. పెద్దాయనకు ఫోన్ చేసి ‘రావద్దు’ అని చెప్పడానికి నోరు రాదు. చిన్న వ్యాపారికి చెప్పాలంటే ‘ఆయన ఏమనుకుంటాడు, వస్తాడులే’ అనిపిస్తుంది. ఇద్దరి విషయంలోనూ జరిగేది ఒకటే, ఆలస్యం.

అనుమానం వచ్చినప్పుడే అనుమానాన్ని చెప్పేయడం ఇక్కడ పనికొచ్చే పద్ధతి. ‘11 గంటల మీటింగు జరిగేలా లేదు, 9:25కల్లా ఖాయంగా చెబుతాను, అంతవరకు బయలుదేరకండి’ అంటే అవతలివారు ఇంట్లోనే ఉండి వేరే పని చూసుకుంటారు. అయితే ఆ 9:25 మాట నిలబెట్టుకోవాలి. అప్పటికీ తేలకపోతే వాయిదా వేసేయడమే మేలు. తేలని విషయం కోసం మనిషిని వాకిట్లో నిలబెట్టడం రద్దుకన్నా ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది.

ఎలా చెప్పాలన్నది మిగిలిన సమయాన్ని బట్టి ఉంటుంది. ముందురోజు అయితే మెయిలు చాలు. రెండు మూడు గంటల్లో జరగాల్సినదైతే ముందు ఫోన్ కాల్, ఆ వెంటనే రాతలో మెసేజ్. వాట్సాప్‌లో రెండు బూడిదరంగు టిక్కులు కనిపిస్తే మెసేజ్ అవతలి ఫోనుకు చేరిందని మాత్రమే అర్థం, మనిషి చదివాడని కాదు. నీలి టిక్కులు కనబడకుండా చాలామంది సెట్టింగ్ మార్చుకుంటారు కూడా. కాబట్టి ‘సరే’ అన్న జవాబు వచ్చేదాకా కబురు అందనట్టే లెక్క. ఫోన్ ఎత్తకపోతే ఆయనతోపాటు పనిచేసే ఇంకొకరికి చెప్పాలి.

రాసే మెసేజ్ ఇలా ఉండొచ్చు:

‘నమస్తే అండీ. ఇవాళ 11 గంటల మీటింగు జరగడం లేదు. మా హెడ్ అదే టైముకి రివ్యూ పెట్టారు. దయచేసి బయలుదేరకండి. పెట్టెల ఆర్డరు సంగతి అలాగే ఉంది, శాంపిళ్లలో మార్పేమీ అక్కర్లేదు. బుధవారం 12వ తేదీ ఉదయం 11కి గానీ, గురువారం 13వ తేదీ మధ్యాహ్నం 3కి గానీ నేను ఖాళీగా ఉంటాను. రెండూ కుదరకపోతే మీ ప్రెస్సుకే నేను వస్తాను. ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి.’

ఇందులో అసలు విషయం మొదటి రెండు వాక్యాల్లోనే అయిపోయింది. ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో కనిపించేది ఆ కాస్త భాగమే. కుశల ప్రశ్నలతో మొదలుపెట్టి, ట్రాఫిక్ గురించి రాసి, చివర్లో రద్దు సంగతి చెబితే, నడుస్తూ ఫోన్ చూసుకునే మనిషికి అది అందదు. కారణం ఒక్క వాక్యం చాలు, అదీ నిజమైనది. ఒంట్లో బాగాలేదని చెప్పి, సాయంత్రం పెళ్లి రిసెప్షన్ ఫొటో స్టేటస్‌లో పెట్టేవాళ్లు ఉంటారు. ఆ తర్వాత వాళ్లకు నిజంగా జ్వరం వచ్చినా ఎవరూ నమ్మరు.

ఆర్డరు సంగతి అలాగే ఉందన్న వాక్యాన్ని చాలామంది రాయరు. తెలుగులో ‘ఇవాళ కుదరదండీ, తర్వాత చూద్దాం’ అనడం మర్యాదగా వద్దని చెప్పే పద్ధతి. పెళ్లి సంబంధాల నుంచి వ్యాపారం దాకా అందరికీ ఆ మాట అర్థం తెలుసు. ఆ మాటే వింటే ప్రెస్సు యజమాని ఆర్డరు చేజారిందనుకుని ఆ పేపరును ఇంకో పనికి వాడేయవచ్చు. లేదా ధర తగ్గించి కొత్త కొటేషన్ పంపవచ్చు. అందుకే రద్దుకూ వాయిదాకూ మధ్య తేడా విడమరచి చెప్పాలి. నిజంగానే ఆర్డరు ఇవ్వకూడదని తేలిపోతే అదీ చెప్పేయాలి. వాయిదా పేరుతో మరో తేదీ ఇచ్చి ఇంకోసారి తిప్పడం అన్నిటికన్నా అన్యాయం.

కొత్త సమయం విషయంలో ‘మీకెప్పుడు వీలో చెప్పండి’ అనడం మర్యాదగా వినిపిస్తుంది, పని మాత్రం అవతలివారి నెత్తిన పడుతుంది. ఆయన నాలుగు సమయాలు చెప్పాలి, ఈయన వాటిలో మూడు కాదనాలి, అలా ఆరు మెసేజులు నడుస్తాయి. మార్చినవారే రెండు సమయాలు ఇచ్చి, ఆయన బదులిచ్చేదాకా ఆ రెండింటినీ తన క్యాలెండర్‌లో ఖాళీగా పట్టి ఉంచాలి. తేదీ, వారం రెండూ రాయాలి. శనివారం నాడు ‘వచ్చే సోమవారం’ అంటే ఒకరికి ఎల్లుండి, ఇంకొకరికి ఆపై వారం. ‘మీటింగు ముందుకు జరిపాం’ అన్న మాట మరీ ప్రమాదం, కొందరికి అది తొందరగా అనీ, కొందరికి ఆలస్యంగా అనీ అర్థమవుతుంది. ‘పదకొండు బదులు పదింటికి’ అంటే గొడవే లేదు.

10:20కి ఫోన్ చేసిన సందర్భంలో ఈ మెసేజ్ చెల్లదు. మనిషి అప్పటికే రైల్లో ఉన్నాడు, వెనక్కి వెళ్లమంటే రానూపోనూ గంటన్నరకు పైగా దండగ. అప్పుడు ముందుగా అడగాల్సింది ‘ఎక్కడిదాకా వచ్చారు?’ అని. తర్వాత నిర్ణయం ఆయనకు వదలాలి. ఇంకో సహోద్యోగి పావుగంట కూర్చుని శాంపిళ్లు తీసుకుని, కొలతలు రాసుకోవచ్చు. లేదా రివ్యూ అయ్యాక 12:15కి కలవవచ్చు, ఈలోపు కూర్చోవడానికి చోటు, కాఫీ ఏర్పాటు చేసి, రిసెప్షన్‌లో పేరు చెప్పి ఉంచాలి. లేదా ఆయన వెనక్కి వెళ్తానంటే తర్వాతి మీటింగు ఉప్పల్‌లోనే పెట్టుకోవాలి. ఒకసారి ఆయన ప్రయాణం వృథా అయింది కాబట్టి రెండోసారి ప్రయాణం ఈయన వంతు.

దూరం దేశాల మధ్యదైతే లెక్క ఇంకోలా మారుతుంది. హైదరాబాద్ బృందం, డాలస్ బృందం వేసవిలో మాట్లాడుకోవాలంటే హైదరాబాద్‌లో రాత్రి 8:30 అయినప్పుడు డాలస్‌లో ఉదయం 10 గంటలు. మధ్య తేడా పదిన్నర గంటలు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పాక అది పదకొండున్నర అవుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అలాగే ఉంటుంది. రాత్రి 8:30 కాల్ కోసం హైదరాబాద్ ఉద్యోగి ఆరింటికి వెళ్లాల్సిన క్యాబ్ వదులుకుంటాడు, లేదా పిల్లల్ని తొందరగా పడుకోబెట్టి లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది ఆ ఇంటి ఇల్లాలు. 8:25కి ‘కాన్సిల్డ్’ అని ఒక్క మాట వస్తే డాలస్‌లో ఒకరికి అరగంట మిగులుతుంది, ఇక్కడ ఒక సాయంత్రం పోతుంది. డాలస్ వారు పొద్దున నిద్రలేచిన వెంటనే, 7 గంటలకు చెప్పినా ఇక్కడ సాయంత్రం 5:30 అవుతుంది, క్యాబ్ అందుతుంది. ఇటునుంచి చెప్పేవారు కూడా గుర్తుంచుకోవాలి: ఇక్కడ ఉదయం 10:30కి పంపిన మెసేజ్ అక్కడ అర్ధరాత్రి చేరుతుంది. ‘రేపు’ అని రాస్తే ఏ రేపు అన్న ప్రశ్న వస్తుంది, ఎందుకంటే డాలస్‌లో గురువారం రాత్రి 8 అంటే ఇక్కడ శుక్రవారం ఉదయం 6:30. వారం పేరు, రెండు ఊళ్ల సమయాలూ కలిపి రాస్తేనే సరి.

మాట అయిపోయాక క్యాలెండర్ సరిచేయాలి. నిర్వాహకుడు ఎంట్రీని తీసేసేటప్పుడు మిగతావారికి నోటీసు పంపాలా అని ప్రోగ్రామ్ అడుగుతుంది. అక్కడ వద్దంటే మీటింగు పోయిన సంగతి వారికి మెయిల్లో రాదు. ఇద్దరు కాకుండా ఎనిమిది మంది ఉన్న మీటింగుల్లో ముఖ్యులకు ఫోన్ చేసి, మిగతావారిని మరచిపోవడం ఇలాగే జరుగుతుంది. గది బుకింగు, విజిటర్ పాసు కూడా రద్దు చేయాలి. సమయం మార్చినప్పుడు పాత సమయానికి వచ్చిన ‘Yes’ను కొత్త సమయానికి ఒప్పుకోలుగా తీసుకోకూడదు, మళ్లీ అడగాలి.

ఒకే మీటింగు రెండుసార్లు వాయిదా పడితే మూడో తేదీ ఇచ్చే ముందు, అది మీటింగుగా ఉండాలా అని చూసుకోవాలి. అట్టపెట్టెల విషయంలో కొలతలు, మందం, రంగు ఫోనులోనే తేలవచ్చు. శాంపిళ్లు కొరియర్‌లో రావచ్చు. తప్పనిసరిగా కలవాల్సిందే అయితే సమయం, చోటు రెండూ ప్రెస్సు యజమానే చెప్పాలి. ఆ రోజు ఉద్యోగి అరగంట ముందే ఉప్పల్‌లో దిగి, ప్రెస్సు తెరిచారో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి.