సాని: గౌరవం నుంచి తిట్టు దాకా

సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం ఉంది. రేచర్ల వంశానికి చెందిన బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో దాన్ని కట్టించింది. దేవుడికి కూడా ఆమె పేరే పెట్టారు. ఆ పేరు చివరి 'సాని' అప్పట్లో పెద్దింటి ఆడవాళ్లకు చేర్చే గౌరవపదం. ఇవాళ ఎవరినైనా 'సాని' అంటే కొట్లాటే.

మాట పుట్టుకలో మచ్చేమీ లేదు. సంస్కృతంలో స్వామికి స్త్రీలింగం స్వామిని. అదే ప్రాకృతం మీదుగా అరిగి తెలుగులో సాని అయింది. కాకతీయుల నాటి శాసనాల్లో నాయకుల, రెడ్ల భార్యల పేర్ల చివర అది కనిపిస్తుంది. అదే కాలంలో గుడిలో ఆడిపాడే స్త్రీలనూ గుడిసానులు అనేవారు. వాళ్లు కూడా గుళ్లకు దానాలిచ్చి శాసనాలు వేయించినవాళ్లే. కాబట్టి ఒక శాసనంలోని సాని ఎవరో తెలియాలంటే ఆ మాటను చూస్తే చాలదు. పక్కన భర్త పేరుందా, గుడి కొలువు ప్రస్తావన ఉందా అని చూడాలి.

ఆ తర్వాత రెండు దారులు విడిపోయాయి. పెద్దిళ్లలో పేరు చివర 'అమ్మ' స్థిరపడి, సాని తప్పుకుంది. ఆడిపాడే స్త్రీలకు మాత్రం అది మిగిలిపోయింది. వాళ్లను చూసే చూపు మారేకొద్దీ మాట బరువూ మారింది. 19వ శతాబ్దం చివర వీరేశలింగం వంటి సంస్కర్తలు సానిమేళాలను ఎండగట్టేనాటికి అది వేశ్యకు మారుపేరు. మేళం పెట్టించిన పెద్దమనిషి మాత్రం పెద్దమనిషిగానే ఉన్నాడు. అతన్ని తిట్టడానికి కొత్త మాటేదీ పుట్టలేదు. మద్రాసు రాష్ట్రం 1947లో దేవదాసీ చట్టం తెచ్చి, ఆడపిల్లలను గుడికి అంకితమివ్వడాన్ని నిషేధించింది. ఆ కులంవాళ్లు కళావంతులని, సూర్యబలిజలని పేర్లు మార్చుకున్నారు. మాటకంటిన మరక అంత తేలిగ్గా వదల్లేదు.

మచ్చ మాటలోనే ఉంటే దాని సంతానమంతా చెడాలి. దొరసాని చెడలేదు, మంత్రసానీ చెడలేదు. ముందున్న మాట వాటికి కాపలా కాసింది. ఇక తోబుట్టువు 'స్వామి' సంగతి: అయ్యప్ప మాల వేసుకున్నవాడూ స్వామే, పీఠాధిపతీ స్వామే.

ఇంగ్లీషులోనూ ఇదే తంతు. ఇల్లాలు అనే అర్థమున్న 'హౌస్‌వైఫ్' పాతరూపం అరిగి, బరితెగించిన ఆడది అనే అర్థంలో 'హస్సీ' అయింది. 'మాస్టర్' యజమానిగానే మిగిలితే, 'మిస్ట్రెస్' ఉంపుడుగత్తె అయింది. మ్యూరియల్ షుల్జ్ అనే పరిశోధకురాలు 1975లో ఇలాంటి ఇంగ్లీషు మాటలను పోగుచేసి ఒక వ్యాసమే రాసింది. జతలోని మగమాట ఇంత తరచుగా జారదని ఆమె గమనింపు.

ఇప్పుడు పిల్లలమర్రి గుడి గురించి రాసేవాళ్లు చాలామంది ఆమెను 'ఎరకసానమ్మ' అంటారు. ఒకప్పుడు తానే గౌరవమైన మాటకు ఇప్పుడు ఇంకో గౌరవపదం తోడు రావాల్సి వచ్చింది.