కాఫీ పొడిలో చికోరీ, పొట్టు కలిశాయేమో ఇంట్లోనే చూసుకోవచ్చు

మా ఓపీకి కడుపు ఉబ్బరంతో వచ్చే ఒక పెద్దాయనకు చికోరీ పడదని డాక్టరుగారు ముందే చెప్పారు. "అందుకే పాకెట్ కాఫీ మానేశానమ్మా, అరకు దారిలో అమ్మే ప్యూర్ కాఫీయే తాగుతున్నాను" అన్నారాయన. రోజుకు నాలుగు కప్పులు తాగుతారు, ఉబ్బరం మాత్రం తగ్గలేదు. లేబులు లేని ఆ పొట్లాన్ని మరుసటిసారి తెమ్మని చెప్పాం.

చికోరీ విషం కాదు. అది ఒక మొక్క వేరు. దానిని ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. మనవాళ్లకు చిక్కటి డికాక్షను ఇష్టం గనుక కాఫీలో కలపడం మామూలే. చట్టం కూడా దీనికి ఒప్పుకుంటుంది. అయితే మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఏది ఎంత కలిపారో పాకెట్ మీద అచ్చు వేయాలి. చెప్పకుండా కలిపితే అది కల్తీ. చికోరీ వేరులో ఇనులిన్ అనే పీచు పదార్థం ఉంటుంది. వేయించాక కూడా కొంత మిగులుతుంది. అది చిన్నపేగులో అరగదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టడం వల్ల గాలి పుడుతుంది. అందరికీ ఇబ్బంది కలగకపోయినా, కొందరికి కడుపు ఉబ్బుతుంది.

ఇక పరీక్ష. ఒక గాజు గ్లాసు నిండా చన్నీళ్లు పోసి, వెనుక తెల్ల కాగితం నిలబెట్టండి. నీళ్లు కదలకుండా ఆగాక, అర చెంచా పొడిని పైన పలుచగా చల్లండి. కలపవద్దు. కాఫీ గింజలో నూనె ఉంటుంది గనుక కాఫీ పొడి నీటిని త్వరగా పీల్చుకోదు, కొన్ని నిమిషాలు పైనే తేలుతుంది. చికోరీ వెంటనే నీరు పీల్చి, కొద్ది క్షణాల్లోనే కిందికి దిగడం మొదలుపెడుతుంది. వేయించినప్పుడు దానిలోని చక్కెర మాడి ఏర్పడిన రంగు దిగే దారి పొడుగునా గోధుమరంగు దారాల్లా కనిపిస్తుంది. మీరు చూడవలసింది ముఖ్యంగా ఆ దారాలనే, అదీ మొదటి నిమిషంలోనే. ఆలస్యమైతే మంచి కాఫీ కూడా తడిసి మునుగుతుంది. వేడినీళ్లు వాడినా, చెంచాతో తిప్పినా పరీక్ష చెడినట్లే. నీటిలో కరిగిపోయే ఇన్‌స్టంట్ కాఫీకి ఇది అసలు పనికిరాదు.

అనుమానం ఉంటే నీటిని మెల్లగా వంపేసి, అడుగున దిగిన రవ్వలను వేళ్ల మధ్య నలపండి. చికోరీ మెత్తబడి ముద్దగా నలుగుతుంది. కాఫీ రవ్వ గట్టిగా, ఇసుకలా తగులుతుంది.

పెద్దాయన పొడితో పాటు మరో రెండు గ్లాసులు పెట్టాం. ఒకదానిలో మా ఎదుటే ఆడించిన గింజల పొడి, రెండవదానిలో అదే పొడి ఏడు చెంచాలకు మూడు చెంచాల చికోరీ కలిపి చల్లాం. ఒంటి కాఫీ గ్లాసులో నీళ్లు దాదాపు తేటగానే ఉన్నాయి. పెద్దాయన గ్లాసులో అర నిమిషం గడవకముందే, మేము కలిపిన దానికంటే ఎక్కువ దారాలు దిగాయి. ఇంత శాతం కలిసిందని దీన్నిబట్టి లెక్క కట్టలేం. వేయింపును బట్టి, పొడి మెత్తదనాన్ని బట్టి తేడా వస్తుంది. కానీ చికోరీ ఉందని మాత్రం ఆయన కళ్లారా చూశారు.

పొట్టు సంగతి వేరు. ఎండిన కాఫీ పండు పైతొక్కను వేయించి కలిపితే అది తేలికగా ఉండి కాఫీతో పాటే తేలుతుంది, నీళ్ల పరీక్షకు చిక్కదు. డికాక్షను దిగాక మిగిలిన పిప్పిని ఒక చెంచా తీసుకుని, రెండుమూడు నీళ్లు కడిగి, తెల్లటి పళ్లెంలో ఎండనిచ్చి భూతద్దంతో చూడండి. కాఫీ ముక్కలు కోణాలుగా, గట్టిగా ఉంటాయి. పొట్టు బల్లపరుపుగా, పీచుగా ఉండి, గోటితో నొక్కితే వంగుతుంది లేదా చిరుగుతుంది. ఒకటి గమనించాలి: గింజ మధ్య చీలికలో ఉండే పలుచని లేత రంగు పొర సహజమైనదే. అలాంటి పొరలు అక్కడక్కడ కనిపిస్తే దుకాణదారుతో తగువు పెట్టుకోవద్దు. పొట్టును పిండిలా మెత్తగా ఆడించి ఉంటే మాత్రం మన కంటికి దొరకదు, లేబొరేటరీలోనే తేలాలి.

అలా పంపించుకునే వీలు కొన్నవారికి కూడా ఉంది. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షను ప్రకారం, పరీక్షకు పంపదలచానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పి, ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. కల్తీ రుజువైతే ఫీజు తిరిగి ఇస్తారు.

పెద్దాయన అంతదూరం పోలేదు. ఇప్పుడు గింజలు కొని తన ఎదుటే ఆడించుకుంటున్నారు. ఉబ్బరం కొంత తగ్గిందన్నారు. రాత్రిపూట శనగలు తినడం కూడా మానారట, కాబట్టి తప్పంతా కాఫీదేనని మేము చెప్పలేం.