కువైట్ నుంచి అమ్మకు నాలుగు మాటలు

రాజంపేట పక్క పల్లెల్లో కొడుకు కువైట్‌లో ఉన్న ఇళ్లు చాలా కనిపిస్తాయి. అమ్మ పుట్టినరోజు వస్తే ఆ కొడుకు ఏం రాయాలో తెలియక, ఎవరో పంపిన గులాబీల బొమ్మనే ముందుకు తోసేస్తాడు. ప్రేమ లేక కాదు, మాట దొరకక.

అసలు పుట్టినరోజు ఎప్పుడన్నదే మొదటి చిక్కు. తేదీ తెలియక వయసు మాత్రమే చెప్పినవాళ్లకు ఆధార్‌లో జనవరి 1 పడి ఉంటుంది. అమ్మేమో ‘శ్రీరామనవమి మర్నాడు పుట్టాను’ అంటుంది. అమ్మ చెప్పిందే పట్టుకోవాలి. నవమి ఒక ఏడు మార్చిలో, ఇంకో ఏడు ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి ఏటా క్యాలెండర్ చూసుకోక తప్పదు.

రెండోది వేళ. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అమ్మ ఐదింటికి లేచేసరికి అక్కడ రాత్రి రెండున్నర. అందుకే పడుకునే ముందే పంపేయాలి. రాత్రి తొమ్మిదిన్నర దాటితే ఇక్కడ తేదీ మారినట్టే.

ఇక రాయడం. ‘త్యాగమూర్తీ, నీ రుణం తీర్చుకోలేను’ అని మొదలుపెడితే అది ఏ కొడుకైనా ఏ అమ్మకైనా రాయగల మాట. అమ్మకు కావలసింది వేరు: కొడుకు తిన్నాడా, తన చెయ్యి వాడికి గుర్తుందా. ఒక కొడుకు ఇలా రాశాడనుకుందాం:

“అమ్మా, ఈరోజు నీ పుట్టినరోజు. పొద్దున్నే తలకు పోసుకొని ఆ నీలం చీర కట్టుకో, పెట్టెలో దాచొద్దు. నిన్న చింతపండు పులుసు చేశా. నువ్వు చెప్పినట్టే ముందు మెంతులు వేయించా. నీ చేతి రుచి రాలేదు గానీ రూమ్‌లో అందరం గిన్నె ఖాళీ చేశాం. మోకాళ్ల మాత్రలు అయిపోతే అత్తతో తెప్పించుకో. సాయంత్రం ఆరున్నరకు ఫోన్ చేస్తా. నీ కాళ్లకు దండం పెడుతున్నా.”

ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. అయినా మెంతుల దగ్గర అమ్మ ఆగిపోతుంది, ఎందుకంటే పొయ్యి పక్కన నిలబడి తను నేర్పింది అదే. ఫోన్ వేళ చెప్పాడు కాబట్టి రోజంతా ఎదురుచూడక్కర్లేదు. డ్యూటీ కష్టం రాయలేదు. అది దాచమని నేననను, కానీ ఆ ఒక్కరోజు రాస్తే అమ్మ రాత్రి నిద్రపోదు. ‘దసరాకు వచ్చేస్తా’ అని కూడా సెలవు చేతికి రాకముందే రాయకూడదు. ఆ మాట నమ్మి ఆమె వాకిలి వైపే చూస్తూ ఉంటుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు చాలామంది అమ్మలు చదవలేరు. అసలు చదువు రాని అమ్మకైతే ఇవే మాటలు వాయిస్ మెసేజ్‌లో చెప్పాలి. కాగితం చూసి చదివినట్టు కాకుండా, ఇంట్లో మాట్లాడే గొంతుతో, నిమిషంలోపు. ఫోన్ కాల్ అయిపోతే అయిపోయినట్టే. ఇదైతే పక్కింటి వదిన వచ్చినప్పుడు అమ్మ మళ్లీ వినిపిస్తుంది.