సంత అని రాసి పంపితే సంథ అని పాడింది

ఖరగ్‌పూర్‌లో ఉన్న మా మేనకోడలు మొన్న ఒక పాట పాడి వాయిస్ పంపింది. మన శ్రీకాకుళం, విజీనారం నుంచి రైల్వే పనులకని వలసెళ్లి అక్కడే ఉండిపోయిన ఇళ్లు బోలెడు గదా. ఆ గుంట ఇంట్లో తెలుగే మాటాడతాది గానీ చదవడం రాదు. బళ్లో ఇంగ్లీషు, హిందీయే. అందుకని పాత పాటల పుస్తకంలో పేజీని ఫొటో తీసి, ఆ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో నేనే రాసి పంపినాను. "మావయ్యా, బాగుందా?" అంది. ఏటి బాగుంది! సంత కాస్తా సంథ అయిపోయింది, దారి దరి అయిపోయింది. తప్పు గుంటది కాదు, నాది.

మనం చాటింగ్‌లో రాసుకున్నట్టే రాసీసినాను మరి. ఆ పాట ఇక్కడ పెట్టను గానీ, అలాంటి మాటలతోటే ఒక వరస అల్లి చూపిస్తాను. "నీళ్ల కాడ చల్ల కుండ, సంత దారి గంట బండి." దీన్ని నా పాత పద్ధతిలో రాస్తే ఇలాగుంటాది:

```
neella kada challa kunda, santha dari ganta bandi
```

తెలుగొచ్చినోళ్లం మనం దీన్ని సులువుగా చదివీగలం. ఎందుకంటే మనం అక్షరాలు చూడం, తెలిసిన మాటని గుర్తుపడతాం. ఆ గుంటకి అక్షరాలే ఆధారం. హిందీ మాటల్ని ఇంగ్లీషులో చూసి అలవాటైనోళ్లకి th అంటే థ. kada అంటే కాడ, కడ, కద, ఏదైనా అవ్వొచ్చు.

అందుకని ఇప్పుడు పని మార్చినాను. ఫొటో చూసి నేరుగా ఇంగ్లీషులోకి దిగను. ముందు తెలుగులోనే కాగితం మీద రాసుకుంటాను. పాత అచ్చు మసకేస్తే కి, కీ ఒకేలాగ కనిపిస్తాయి. ద కింద చిన్న గీత ఎగిరిపోతే ధ కూడా ద అయిపోతాది. మాటకి అర్థం కుదరలేదంటే అక్కడ ఏదో గీత పోయిందని లెక్క. ఫొటో పెద్దది చేసి మళ్లీ చూడాల.

ఆ తరవాతే ఇంగ్లీషు. ఒక్కో శబ్దానికి ఒక్కటే గుర్తు పెట్టుకున్నాను. దీర్ఘమైతే aa, ii, uu. ఏ, ఓలకి పెద్ద E, పెద్ద O. ఎందుకంటే ee అని రాస్తే ఇంగ్లీషు అలవాటున్నోళ్లు ఈ అని చదివీస్తారు. త అంటే t, ద అంటే d. నాలిక మడతపెట్టి పలికే ట, డ, ణ, ళలకి పెద్ద T, D, N, L. వత్తు అక్షరాలకి మాత్రమే h. సున్నాని తరవాతి అక్షరాన్ని బట్టి రాయాల. సంతలో n, గంటలో N, కొంపలో m.

ఇక్కడ ఫోన్ ఒక దెబ్బ కొడతాది. వరస మొదట్లో అక్షరాన్ని దానంతటదే పెద్దది చేసీస్తాది, అప్పుడు daari కాస్తా డారి అయిపోతాది. మాటల్ని కూడా దానికి తోచినట్టు దిద్దీస్తాది. కీబోర్డు సెట్టింగ్స్‌లో ఆ రెండూ ఆపీసి మొదలెట్టండి.

అన్నిటికంటే పెద్ద చిక్కు, అచ్చులో ఉన్నదీ నోట్లో ఉన్నదీ ఒకటి కాకపోవడం. పేజీలో చల్ల అనుంటాది. మా ఊరి ముసలమ్మలు పాడితే అది సల్ల. ఇంకో ఊళ్లో అదే చని పళ్ల దగ్గర త్స అన్నట్టు పలుకుతారు. తెలుగు అచ్చులో ఈ తేడా కనపడదు. 1852లో బ్రౌన్ దొర తన నిఘంటువులో ఆ దంత్య చకి ౘ అని వేరే గుర్తు పెట్టుకున్నాడు. మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామ్మూర్తి పంతులు గారు కూడా సవర భాష మీద 1931లో పుస్తకం తెచ్చినప్పుడు, సవరల నోట పలికినదాన్నే చెవితో విని రాసినారు. మనమూ అదే చెయ్యాల. పాడే మనిషిని విని, ఆ మనిషి సల్ల అంటే s రాయాల.

అలా రాస్తే మన వరస ఇలా తేలింది:

```
niiLLa kaaDa salla kuNDa, santa daari gaNTa baNDi
```

సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తాది? తెలుగు కాగితం చూడని మనిషికి ఈ గుర్తులు చెప్పి, దీన్ని తిరిగి తెలుగులో రాయమనాల. మొదటి కాగితంతో పక్కపక్కన పెడితే, ఎక్కడ తేడా వస్తే అక్కడ నా గుర్తు తప్పిందన్నమాట. సల్ల దగ్గర తేడా మాత్రం మనం కావాలని పెట్టిందే.

ఒకటి మాత్రం అక్షరాలకి అందదు. రాగం తీసినప్పుడు సంతలో స ఎంత సాగినా సరే, అది దీర్ఘం కాదు. అక్కడ aa పెడితే మాటే మారిపోతాది. సాగదీత చెవితోనే నేర్చుకోవాల. అందుకని కాగితంతో పాటు, మా వీధి ముసలమ్మ పాడిన రికార్డు కూడా పంపినాను.

మర్నాడు మళ్లీ వాయిస్ వచ్చింది. సంత సంతలాగే ఉంది. "మావయ్యా, పుస్తకంలో చల్ల అనుందని అమ్మ అంటంది, నేను సల్ల అన్నాను, తప్పా?" అనడిగింది. తప్పు కాదమ్మా, పుస్తకానికి మన ఊరి నోరు తెలీదు, నువ్వు ముసలమ్మలాగే పాడు అన్నాను.