మూడేళ్ల బాండుకు సరైన వడ్డీ ఎంత?

రిజర్వు బ్యాంకు కొత్త ప్రభుత్వ బాండును రాబడి ప్రాతిపదికన వేలం వేసినప్పుడు, తమకు ఎంత శాతం రాబడి కావాలో కొనేవాళ్లే చెబుతారు. చివరికి ఖరారైన కటాఫ్ రాబడే ఆ బాండుకు కూపన్, అంటే ఏటా ఇచ్చే వడ్డీ రేటు అవుతుంది. వంద రూపాయల ముఖవిలువ ఉన్న బాండు సరిగ్గా వంద రూపాయలకే అమ్ముడుపోయేలా చేసే ఈ రేటును పార్ యీల్డ్ అంటారు. బిడ్ వేసేవాళ్లు దాన్ని ముందే లెక్కగట్టుకుంటారు. అందుకు ఆధారం స్పాట్ రేట్లు.

మధ్యలో వడ్డీ ఏమీ తీసుకోకుండా, ఇన్నేళ్ల తర్వాత ఒక్కసారే వచ్చే సొమ్ముకు మార్కెట్ ఇచ్చే రేటే స్పాట్ రేటు. ఉదాహరణకు ఏడాదికి 6 శాతం, రెండేళ్లకు 6.5, మూడేళ్లకు 7 అనుకుందాం. అప్పుడు ఏడాది తర్వాత చేతికొచ్చే రూపాయి ఇవాళ 94.34 పైసలకు సమానం. రెండేళ్ల తర్వాతి రూపాయి 88.17 పైసలు, మూడేళ్ల తర్వాతిది 81.63 పైసలు.

ఇక మూడేళ్ల బాండు సంగతి. చివర్లో తిరిగొచ్చే వంద రూపాయల అసలు ఇవాళ్టి విలువ రూ.81.63. కొనేవాడు ఇచ్చేది వంద కాబట్టి, మిగతా రూ.18.37ను వడ్డీలే పూడ్చాలి. ఏటా ఒక్క రూపాయి చొప్పున మూడేళ్లు వడ్డీ వస్తే దాని నేటి విలువ, పై మూడూ కలిపి, రూ.2.6414. పద్దెనిమిది రూపాయల చిల్లరను దీంతో భాగిస్తే 6.955 వస్తుంది. అదే పార్ యీల్డ్.

సరిచూసుకోవడం తేలిక. మొదటి వడ్డీ నేటి విలువ రూ.6.56, రెండోది రూ.6.13, అసలుతో కలిసి వచ్చే చివరి మొత్తానిది రూ.87.31. కూడితే వంద.

ఈ రేటు 7 కంటే కాస్త తక్కువ ఎందుకైంది? మొదటి రెండు వడ్డీలకూ వర్తించేది 6, 6.5 శాతమే. అయితే సొమ్ములో సింహభాగం మూడో ఏడాదిలోనే వస్తుంది కాబట్టి ఫలితం 7కు అంత దగ్గరగా నిలిచింది. స్పాట్ రేట్లు ఏడాదికేడాది తగ్గుతూ పోతే ఇది తిరగబడి, పార్ యీల్డ్ చివరి స్పాట్ రేటుకు పైన ఉంటుంది.

చాలామంది తడబడేది సగటు దగ్గర. మూడు రేట్ల సగటు 6.5. ఆ కూపన్‌తో బాండు తెస్తే దాని విలువ రూ.98.80 మాత్రమే. వందకు రూ.1.20 తేడా, వెయ్యి కోట్ల బాండుపై అది 12 కోట్లు.

పై లెక్క ఏడాదికోసారి వడ్డీ ఇచ్చే బాండుది. మన ప్రభుత్వ బాండ్లు సాధారణంగా ఆరు నెలలకోసారి చెల్లిస్తాయి కనుక మూడేళ్లకు ఆరు స్పాట్ రేట్లు కావాలి. భాగిస్తే వచ్చేది అర్ధ సంవత్సరపు వడ్డీ, దాన్ని రెట్టింపు చేస్తే వార్షిక కూపన్.