నుదుటి గరుకుకు ఒక మందు, ఎర్రపొక్కుకు మరొకటి

మొటిమలను వేలితో తడిమి చూస్తే తేడా తెలుస్తుంది. చర్మం రంగులోనే, నొప్పి లేకుండా, గరుకుగా తగిలేవి కామెడోన్లు. మృతకణాలూ జిడ్డూ కలిసి చర్మరంధ్రానికి బిరడాలా అడ్డుపడితే ఇవి వస్తాయి. కొన్నిటి మొన నల్లగా ఉంటుంది. అది మురికి కాదు, ఎంత రుద్దినా పోదు. ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి పుట్టి, చీము పట్టేవి వాపు మొటిమలు.

తలకు దట్టంగా నూనె పెట్టుకునే ఒక అమ్మాయికి నుదుటి నిండా గరుకు పొక్కులు వచ్చాయనుకుందాం. మందుల షాపులో ఇచ్చిన క్లిండమైసిన్ జెల్ నెల రోజులు రాసినా అవి తగ్గవు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను అణచగలదు కానీ, బిరడాను తీయలేదు. ఆమె నుదుటికి నూనె తగలకుండా చూసుకోవాలి, అడాపలీన్ 0.1 శాతం జెల్ వాడాలి. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, పల్చగా రాయాలి. ముఖమంతటికీ బఠానీ గింజంత చాలు. మొదట్లో రోజు విడిచి రోజు రాస్తే మంట, పొట్టు రాలడం తక్కువగా ఉంటాయి. ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది మూడో వారంలోనే మానేస్తారు, అదే అసలు చిక్కు. గర్భిణులు మాత్రం దీన్ని వాడకూడదు.

ఎర్ర మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతంతో మొదలుపెట్టవచ్చు. ఇది బ్యాక్టీరియాను చంపుతుంది. తువ్వాళ్ల రంగు వెలిసిపోతుంది కాబట్టి తెల్లవే వాడండి. క్లిండమైసిన్ రాయాల్సి వచ్చినా దీనితో కలిపే రాయాలి, లేకుంటే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా పోతుంది. రెండు రకాలూ ఉన్నవారికి డాక్టర్లు అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ రెండూ కలిపి ఇస్తారు.

లోతుగా, గట్టిగా, నొప్పిగా గడ్డలు కడితే పైపూతలతో కాలయాపన చేయకండి. అవి గుంటల మచ్చలు మిగులుస్తాయి. వెంటనే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.