కడుపు నొప్పి అని రాస్తే చాలదు

ఉద్దానం నుండి కువైట్‌కు ఇంటిపని నిమిత్తం వెళ్లిన ఒక సోదరిని ఊహించుకుందాం. ఆమె అక్కడి క్లినిక్‌కు ఇలా సందేశం పంపింది: “మూడు రోజులుగా కడుపు నొప్పి. ఎక్కువవుతోంది. త్వరగా డాక్టరమ్మను చూడాలి.” క్లినిక్ వారు గురువారం రమ్మన్నారు. తప్పు వారిది కాదు. మన వాడుకలో జీర్ణాశయం మొదలు గర్భాశయం వరకు అంతా కడుపే. చదివినవారు గ్యాస్ నొప్పి అనుకున్నారు.

పలాసలో ఉన్న ఆమె అక్క ఫోనులో నాలుగు ప్రశ్నలు అడిగేసరికి సంగతి మారిపోయింది. నొప్పి బొడ్డుకు దిగువన, కుడివైపున ఉంది. చివరి నెలసరి వచ్చి ఏడు వారాలైంది. రెండు రోజులుగా మచ్చలుగా రక్తం కనబడుతోంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, భుజం కొనలో కూడా నొప్పి. సెలవు ముగించుకుని ఇంటి నుండి తిరిగి వెళ్లి అయిదు వారాలే.

“నాకు పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది కదక్కా!” అన్నది ఆమె. మన జిల్లాల్లో ఎందరో స్త్రీలు ఈ మాటతోనే మోసపోతారు. ఆ ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు. కాని వస్తే, అది గర్భాశయంలో గాక నాళంలోనే నిలిచే అవకాశం మామూలు కంటే ఎక్కువ. నాళం సాగదు, పగులుతుంది. లోపల కారిన రక్తం ఉదర వితానాన్ని తాకినప్పుడు, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. బయట కనబడే రక్తం కొద్దిగానే ఉండవచ్చు. దానిని చూసి ధైర్యపడరాదు.

అక్క కొత్త సందేశం రాయించింది: “వయస్సు 32. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, మూడు రోజులుగా పెరుగుతోంది. చివరి నెలసరి ఏడు వారాల క్రితం. రక్తపు మచ్చలు, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉన్నాయి. ట్యూబెక్టమీ అయింది. జ్వరం లేదు.” ఈసారి క్లినిక్ నుండి వచ్చిన జవాబు అపాయింట్‌మెంట్ కాదు: వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి, లేవలేకపోతే 112కు ఫోన్ చేయండి, ఒంటరిగా బయలుదేరవద్దు, ఏమీ తినవద్దు, తాగవద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక ఈ చివరి జాగ్రత్త.

అక్కడ మొదట చేసేది గర్భ పరీక్ష, తర్వాత స్కానింగు. నాళం పగలక ముందే దొరికితే కొందరికి మందుతోనే నయమవుతుంది. పగిలితే శస్త్రచికిత్సే మార్గం. గర్భం లేదని తేలినా నిశ్చింత పడరాదు. అండాశయం మెలిపడటం, అపెండిక్స్ వాపు కూడా ఇలాగే మొదలవుతాయి.

పురుష వైద్యుడుంటే ఎలా అన్న బిడియం వద్దు. ప్రాణావసరంలో అది అడ్డంకి కాదని ధర్మవేత్తలు చెబుతారు. యజమానురాలు ఇచ్చిన నొప్పిబిళ్లలతో రోజులు నెట్టడమూ తగదు. కిడ్నీ వ్యాధి ఇంటింటా తెలిసిన ఉద్దానం వారికి ఆ బిళ్లల సంగతి వేరే చెప్పాలా? ఒకవేళ వేసుకుని ఉంటే, ఏది, ఎన్ని, ఎప్పుడు అన్నదీ సందేశంలో రాయాలి.